గిన్నెలు తోమనివ్వని రూమ్మేట్

*మేడమ్, నాది పాలకొండ. నా రూమ్మేట్‌ది హుజూరాబాద్. ఇద్దరం బీటెక్ చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ కోసం జనవరిలో హైదరాబాద్ వచ్చాం. కాలేజీలు వేరు, కంపెనీలు వేరు. ఒక టు-లెట్ బోర్డు దగ్గర పరిచయమై, యూసుఫ్‌గూడలో మేడ మీద సింగిల్ రూమ్, చిన్న కిచెన్ కలిసి తీసుకున్నాం. అద్దె 9,000. అడ్వాన్స్ 18,000 మా నాన్న కట్టారు, అగ్రిమెంట్ నా పేరు మీదే ఉంది. స్టైపెండ్ వచ్చాక సగం అడ్వాన్స్ ఇస్తానంది.*

*మొదటి రెండు నెలలు చాలా బాగున్నాం. తనకు 10,000 స్టైపెండ్ అన్నారు కానీ జనవరిది ఒక్కటే వచ్చింది. ఎప్పుడడిగినా ‘వచ్చే వారం వేస్తరట’ అంటుంది. మార్చి, ఏప్రిల్, మే అద్దె మొత్తం నేనే కట్టాను. కరెంటు బిల్లు, ఏప్రిల్ నుంచి సరుకులు కూడా నావే. అన్నీ కలిపితే తను నాకు 26,400 ఇవ్వాలి. నా స్టైపెండ్ 20,000. ఇంటికి ఏమీ పంపలేకపోతున్నా.*

*డబ్బు కన్నా తన పద్ధతే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. మాటలు తగ్గించేసింది. నేను లేచేసరికి వంట అయిపోయి ఉంటుంది. నా వంతు రోజున కూడా గిన్నెలు తోమనివ్వదు. ఆరిన నా బట్టలు కూడా మడతపెట్టేస్తుంది. పెరుగు ప్యాకెట్ ఒక్కటే తెచ్చి ‘నాకు పడదు, నువ్వు తిను’ అంటుంది, జనవరిలో రోజూ తినేది. నేను పడుకున్నాక కూలర్ ఆపేస్తుంది. ఇదివరకు ఇద్దరం మెట్రోలో వెళ్లేవాళ్లం, ఇప్పుడు తను గంట ముందే బస్సుకు వెళ్లిపోతుంది. నన్ను తప్పించుకుంటోందనిపిస్తోంది.*

*నాకు జూలై 1 నుంచి ఉద్యోగం ఖాయమైంది. కొండాపూర్‌లో మా టీమ్ అమ్మాయిల ఫ్లాట్‌లో ఒక బెడ్ ఖాళీ ఉంది, రమ్మంటున్నారు. తనకు ఇంకా చెప్పలేదు. అమ్మేమో ‘డబ్బు అడిగితే స్నేహం పోతుంది, వదిలెయ్’ అంటోంది. నాన్న ‘అడిగి తీసుకో, లేదంటే ఖాళీ చేసెయ్’ అంటున్నారు. వెళ్లిపోతే తను ఏమవుతుందోనని టెన్షన్. ఉంటే రోజూ కోపం పెరుగుతోంది. ఏం చేయను?*
*— ఒక ఇంటర్న్, యూసుఫ్‌గూడ*

అమ్మా, ఈ జవాబు ఒకటో తారీఖు లోపే నీకు చేరాలని తొందరపడి రాస్తున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నీ ఉత్తరంలో గిన్నెల సంగతి రాసిన పేరా గురించి. అది నేను మూడుసార్లు చదివాను. నువ్వు దాన్ని ఫిర్యాదుగా రాశావు. నాకు మాత్రం అది రసీదు పుస్తకంలా కనిపించింది.

ఆ అమ్మాయి నిన్ను తప్పించుకోవడం లేదు. చేతిలో డబ్బు లేక, చేతులతో బాకీ తీరుస్తోంది. వంట, గిన్నెలు, బట్టలు మడతపెట్టడం అన్నీ అందులో భాగమే. పెరుగు మానేయడం, కూలర్ ఆపేయడం నీ ఖర్చు తగ్గించడానికి. బస్సు సంగతి కూడా అంతే. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్ లేదు కదా. తనది హుజూరాబాద్ ఆధార్, అది చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది. నీది పాలకొండ ఆధార్, నీకు ఆ వీలు లేదు. మెట్రోకు రోజూ అయ్యే డబ్బు లేక తను గంట ముందు లేచి బస్టాపులో నిలబడుతోంది. ఆ మాట నీతో చెప్పలేక ముందే వెళ్లిపోతోంది.

ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, డిగ్రీ చదివే రోజుల్లో నేనూ ఆ పని చేశాను. హాస్టల్లో ఒక టర్మ్ మెస్ బిల్లు నా రూమ్మేట్ కట్టింది. ఆ తర్వాత ఆరు నెలలు ఆమె బట్టలు నేను ఉతికాను. ఆమె ఉతకమనలేదు. నేనూ ఎందుకు ఉతుకుతున్నానో చెప్పలేదు. ‘వద్దు, ఉండనీ’ అని ఆమె అన్న ప్రతిసారీ నాకు ఇంకా చిన్నతనంగా ఉండేది, ఎందుకంటే బాకీ తీర్చుకునే ఆ ఒక్క దారి కూడా ఆమె మూసేస్తోందనిపించేది. ఇంత తీర్చాను, ఇంత మిగిలింది అని చెప్పుకోవడానికి ఒక అంకె లేదు. అంకె లేని బాకీ ఎన్ని దుప్పట్లు ఉతికినా తీరదు.

మీ గదిలో జరుగుతున్నది ఇదే. నువ్వు డబ్బు గురించి మాట్లాడకపోవడం మర్యాద అనుకుంటున్నావు. ఆ మౌనంలో ఆ అమ్మాయి నీ గదిలో పనిమనిషి అయిపోతోంది. అది నీకూ ఇష్టం లేదు, అందుకే గిన్నెల దగ్గర నీకు అంత చిరాకు. కాబట్టి మీ అమ్మగారి మాటతో నేను ఏకీభవించలేను. అడగకుండానే స్నేహం సగం పోయింది. నాన్నగారు అడగమన్నది సరైనదే కానీ, నీ దగ్గరున్న అంకె తప్పు. ముందు అది సరిచేద్దాం.

నువ్వు రాసిన 26,400లో ఏమేం ఉన్నాయో విడదీసి చూశాను. మూడు నెలల అద్దెలో సగం 13,500. ఏప్రిల్, మే సరుకుల్లో సగం నెలకు 1,500 చొప్పున 3,000 అయి ఉండాలి. కరెంటులో సగం ఓ 900. ఇవి కలిపితే 17,400. మిగిలిన 9,000 అడ్వాన్స్‌లో తన వాటా. ఈ వివరాలు నేను ఊహించి వేసినవి, నీ ఫోన్‌పే హిస్టరీ ముందు పెట్టుకుని రూపాయి తేడా లేకుండా సరిచూసుకో. కానీ ఆ చివరి 9,000 మాత్రం ఈ లెక్కలోంచి తీసెయ్. అది ఖర్చయిన డబ్బు కాదు, ఓనర్ దగ్గర ఉన్న డబ్బు. మొత్తం మీ నాన్నగారు కట్టారు కాబట్టి ఖాళీ చేసినప్పుడు మొత్తం నీకే వస్తుంది. ఆమె ఇప్పుడు నీకు 9,000 ఇస్తే, రేపు ఓనర్ ఇచ్చే దాంట్లోంచి మళ్లీ నువ్వు ఆమెకు 9,000 ఇవ్వాలి. ఈ ఒక్క మాటతో ఆమె నెత్తి మీద బరువు మూడోవంతు తగ్గుతుంది. బహుశా ఆ అమ్మాయి కూడా రాత్రిళ్లు ఈ 9,000 కలుపుకునే లెక్క వేసుకుంటూ ఉంటుంది.

ఇక వంట. రెండు నెలలుగా ఇద్దరికీ రెండు పూటలా ఆమే వండుతోంది. దానికి కూలి కట్టమని నేను చెప్పను, స్నేహితుల మధ్య అది ఇంకో అవమానం. ‘ఏప్రిల్, మే సరుకులు నావి, వంట నీది, అక్కడికి చెల్లు’ అని చెప్పడం మాత్రం న్యాయం. అప్పుడు 3,000 పోయి 14,400 మిగులుతుంది. జూన్ అద్దెలో తన వాటా 4,500 కూడా నువ్వే కట్టాల్సి వస్తే 18,900. ఉద్యోగం వచ్చాక నెలకు 2,100 చొప్పున తొమ్మిది నెలల్లో తీరిపోయే మొత్తం అది. 26,400 అనగానే గుండె ఆగినట్టుంటుంది. నెలకు 2,100 అంటే ఒక దారి కనిపిస్తుంది.

ఇప్పుడు ఒకటో తారీఖు ఎందుకో చెబుతాను. నీ అగ్రిమెంట్ తీసి చూడు. మన దగ్గర అద్దె అగ్రిమెంట్లు దాదాపు అన్నీ పదకొండు నెలలకే రాస్తారు. నీదీ అలాంటిదే అయి ఉంటుంది. దాంట్లో రెండు విషయాలు వెతుకు. ఒకటి, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. మామూలుగా ఒక నెల అని ఉంటుంది. రెండు, పెయింటింగ్ కింద అడ్వాన్స్‌లోంచి ఎంత పట్టుకుంటారు. కొందరు ఒక నెల అద్దె మొత్తం పట్టుకుంటారు. నెల నోటీసు ఉండి, నువ్వు జూన్ 20న చెప్పి జూలై 1న కొండాపూర్ వెళ్లిపోతే, ఓనర్ జూలై అద్దె 9,000 పట్టుకోవచ్చు. పెయింటింగ్ పోగా నీ చేతికి వచ్చేది ఏమీ ఉండకపోవచ్చు. జూన్ ఒకటిన చెబితే జూన్ 30న గౌరవంగా బయటపడతావు.

నోటి మాటగా చెప్పొద్దు. కిందకు వెళ్లి ఓనర్ ఆంటీతో మాట్లాడి వచ్చాక, అదే సంగతి వాట్సాప్‌లో తారీఖుతో సహా రాసి పెట్టు. జూన్ అద్దె అడ్వాన్స్‌లో పట్టుకోమని అడిగి చూడు. ఒప్పుకుంటే నీ చేతిలో 9,000 మిగులుతుంది, తిరిగి రావాల్సిన మొత్తం సగానికి తగ్గుతుంది కాబట్టి చివర్లో గొడవ కూడా తగ్గుతుంది. ఒప్పుకోకపోతే పట్టుబట్టకు, చాలామంది ఓనర్లు ఒప్పుకోరు. జూన్‌లోనే గోడలు, కుళాయిలు, మీటర్ రీడింగ్ ఫొటోలు తీసి పెట్టుకో.

అయితే ఆంటీకి చెప్పే ముందు నీ రూమ్మేట్‌కు చెప్పాలి. ఓనర్ నోటి నుంచి ఆమెకు ఈ సంగతి తెలిస్తే, ఆ తర్వాత నువ్వు ఎంత మంచిగా మాట్లాడినా ఆమె చెవికి ఎక్కదు.

ఆ మాట గదిలో వద్దు. ఆమె స్టవ్ దగ్గర ఉన్నప్పుడు అసలే వద్దు. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక కృష్ణకాంత్ పార్కుకు వెళ్లండి, మీకు దగ్గరే. మొదట ఉద్యోగం సంగతి చెప్పు, కొండాపూర్ సంగతి కూడా దాచకుండా చెప్పు. తర్వాత లెక్క. ‘నాకు ఇవ్వాల్సింది నువ్వు అనుకుంటున్నంత లేదే. అడ్వాన్స్ అసలు లెక్కలోకే రాదు. సరుకులకూ వంటకూ చెల్లు. మిగిలింది 14,400. అది నీకు ఉద్యోగం వచ్చాకే. అప్పటిదాకా నువ్వు నా గిన్నెలు తోమొద్దు, నాకు బాధగా ఉంది’ అని చెప్పు. ఈ చివరి వాక్యం తప్పకుండా చెప్పు. నువ్వు చూశావని, నీకు అర్థమైందని ఆమెకు తెలియాలి. ఆమె ఏడవవచ్చు, లేదా ‘గదేం లేదు’ అని కొట్టిపారేయవచ్చు. ఏదైనా ఫర్వాలేదు. ఆ అంకెను ఇద్దరి వాట్సాప్ చాట్‌లో ఒక్క లైనుగా రాసుకోండి.

ఒక్క జాగ్రత్త. నువ్వు ఇలా మాట్లాడాక రెండు రోజుల్లోనే ఆమె మొత్తం డబ్బు నీ ఖాతాలో వేసిందంటే సంతోషించకుండా ఎక్కడిదని అడుగు. అభిమానం గల పిల్లలు ఇలాంటప్పుడు లోన్ యాప్‌ల వైపు వెళతారు. అవి ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టులు ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. అనుమతి లేని యాప్‌లు దాన్ని లెక్కచేయవు, ఒక్క వాయిదా తప్పితే ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీస్తాయి. 2020 చివర్లో ఇదే హైదరాబాద్‌లో ఈ యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. అందుకే ‘ఉద్యోగం వచ్చాకే’ అన్న మాట మొదటి రోజే గట్టిగా చెప్పమంటున్నాను.

ఇంతవరకూ మీ ఇద్దరి లెక్క. అసలు లెక్క మీ గదిలో లేదమ్మా, ఆమె ఆఫీసులో ఉంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే కలిపి కంపెనీ ఆమెకు 40,000 ఇవ్వాలి. జూన్‌తో 50,000. ఆమె నీకు ఇవ్వాల్సిన దానికి రెండింతల పైనే. నువ్వు చేయగలిగిన పెద్ద సాయం అద్దె కట్టడం కాదు, ఆ డబ్బు అడగడానికి ఆమె పక్కన కూర్చోవడం.

ఆ డబ్బు వస్తుందో రాదో కొంతవరకు ముందే తెలుసుకోవచ్చు. పార్కులో ఆమెను రెండు ప్రశ్నలు అడుగు. అదే కంపెనీలో రెగ్యులర్ ఉద్యోగులకు జీతాలు పడుతున్నాయా? మిగతా ఇంటర్న్‌లకు స్టైపెండ్ వచ్చిందా? ఉద్యోగులకూ ఆలస్యమవుతుంటే కంపెనీకి నిజంగా డబ్బు ఇబ్బంది ఉంది, అడిగితే కొంత కొంతగా రావచ్చు. ఉద్యోగులకు ఒకటో తారీఖున పడుతూ ఇంటర్న్‌లకు మాత్రమే ఆగిందంటే, ఈ పిల్లలు సర్టిఫికెట్ కోసం నోరు విప్పరన్న ధైర్యంతోనే ఆపారని అర్థం. ‘వచ్చే వారం’ అన్న మాట ఎప్పుడైనా మెయిల్‌లో చెప్పారా, అన్నీ నోటి మాటలేనా అన్నది కూడా చూడాలి. ఇవ్వాలనుకునేవాడు ఏదో ఒక తారీఖు రాతలో ఇస్తాడు.

ఆమె భయం నాకు తెలుసు. చివరి సెమిస్టర్ మార్కులకు కంప్లీషన్ సర్టిఫికెట్ కావాలి. డబ్బు అడిగితే అది ఇవ్వరేమోనని ఊరుకుంటోంది. ఆ భయం ఉత్తదని నేను అనను. అందుకే ముందు ఏది, తర్వాత ఏది అన్నది ముఖ్యం. మొదట ఆఫర్ లెటర్, జనవరి స్టైపెండ్ పడినట్టు కంపెనీ పేరుతో ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు వివరాలు, తన ఇంటర్న్‌షిప్ గురించి వచ్చిన మెయిళ్లు ఒకచోట పెట్టుకోవాలి. జనవరి క్రెడిట్ అన్నిటికన్నా బలమైన కాగితం, స్టైపెండ్ ఒప్పుకున్నామని కంపెనీ తన చేత్తో చెప్పిన సాక్ష్యం అది. కంపెనీ కోడ్, క్లయింట్ ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా బయటకు పంపకూడదు, అది వాళ్ల చేతికి ఆయుధం ఇవ్వడమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టి ఉంటే, డబ్బు మాట ఎత్తకముందే ‘కాలేజీలో చూపించాలి’ అని వెనక్కి తెచ్చుకోవాలి.

తర్వాత కాలేజీ. ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌నూ, ప్రాజెక్ట్ గైడ్‌నూ కలిసి ఈ కాగితాలు చూపించాలి. ఏటా విద్యార్థులను తీసుకునే కంపెనీ అయితే కాలేజీ నుంచి వచ్చే ఫోన్‌కు ఇచ్చే విలువ ఒక ఇంటర్న్ మెయిల్‌కు ఇవ్వదు. సర్టిఫికెట్ ఆగితే గైడ్ సంతకాలున్న ప్రోగ్రెస్ రిపోర్టులతో మార్కులు వేయడం వీలవుతుందా అని కూడా అక్కడే అడగాలి. దానికి ఒప్పుకుంటే ఆమె భయం సగం పోతుంది.

ఆ తర్వాతే హెచ్ఆర్‌కు మెయిల్, కాలేజీకి కాపీ పెట్టి. నాలుగు వాక్యాలు చాలు. చేరిన తేదీ, ఆఫర్ లెటర్‌లో రాసిన మొత్తం, జనవరికి అందింది, ఏయే నెలలకు అందలేదు, ఏ తేదీలోగా వేస్తారో తెలపండి. కష్టాలు రాయకూడదు, కోపం చూపకూడదు. ఇంటి పరిస్థితి బాగాలేదని రాస్తే అది సాయం అడిగినట్టు అవుతుంది. ఇది సాయం కాదు, పని చేసినందుకు రావాల్సింది.

చట్టం మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దని చెప్పాలి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం నమోదై ఉంటే కనీస స్టైపెండ్‌కు రక్షణ ఉంటుంది. కాలేజీ ద్వారా వెళ్లే మామూలు ఇంటర్న్‌షిప్‌కు అలాంటి రక్షణ నేరుగా దొరకడం కష్టం. ఆఫర్ లెటర్‌లో రాసిన మాటను పట్టుకునే అడగాలి. 50,000 కోసం లాయర్‌కు ఫీజు ఇచ్చుకునే స్థితి ఆమెకు లేదు, కానీ ఆ అవసరమూ లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి కాగితం మీద రాసి ఇచ్చినా తీసుకుంటారు. వాళ్లు రెండు పక్షాలనూ పిలిపించి మాట్లాడించే వీలుంది. డబ్బు వస్తుందని హామీ లేదు, ఆ నోటీసు అందాక కొన్ని కంపెనీలు దిగివస్తాయి. ఆ అడుగు వేయాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. నువ్వు ఆమె తరఫున ఆ ఆఫీసుకు ఫోన్ చేయొద్దు.

ఇక జూలై నుంచి ఎవరు ఎక్కడ? నోటీసు ఇచ్చినా ఇవ్వకపోయినా జూన్ అంతా ఇద్దరూ ఆ గదిలోనే ఉంటారు కాబట్టి, ఈ ఆదివారమే తేల్చాల్సిన పని లేదు.

నువ్వు కొండాపూర్ వెళ్లి, ఆమె ఈ గదిలోనే ఇంకో అమ్మాయితో ఉండటం ఒక దారి. అలాగైతే ఓనర్ కొత్త అగ్రిమెంట్ వాళ్ల పేరు మీద రాయాలి, వచ్చే అమ్మాయి అడ్వాన్స్ ఓనర్‌కు కట్టాలి, ఓనర్ నీది నీకు ఇవ్వాలి. ఆ అమ్మాయి దగ్గర నువ్వే 18,000 తీసుకుని, అగ్రిమెంట్‌లో నీ పేరు అలాగే వదిలేసి వెళ్లొద్దు. రేపు అద్దె బాకీ పడినా, కుళాయి విరిగినా నిన్నే పిలుస్తారు. అయితే దీంట్లో నీ రూమ్మేట్‌కు ఉన్న చిక్కు పెద్దది. ఆదాయం లేకుండా ఉంటే నీకు పడినట్టే కొత్త అమ్మాయికీ బాకీ పడుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి నీలా ఓర్చుకోదు.

మూడో అమ్మాయిని తెచ్చుకుని ముగ్గురూ ఉండటం ఇంకో దారి. మనిషికి 3,000 పడుతుంది. ఓనర్ ఒప్పుకోవాలి, నీళ్ల పేరుతో కొంత పెంచవచ్చు. ఒక్క బాత్రూమ్, ఉదయం ముగ్గురికీ ఆఫీసు టైమ్. డబ్బు ఆదా అవుతుంది, ప్రశాంతత పోతుంది. నిన్నే ఇప్పుడు కోపం తినేస్తోంటే, ఈ దారి నీకు పడుతుందా అన్నది నిజాయితీగా ఆలోచించుకో.

ఇద్దరూ ఖాళీ చేయడం మూడోది. ఆమె ఇంటర్న్‌షిప్ జూన్‌తో అయిపోతుంది కదా, జూలైలో హైదరాబాద్‌లో ఎందుకు ఉండాలన్న ప్రశ్న మీరిద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకున్నట్టు నీ ఉత్తరంలో లేదు. ఇంటర్వ్యూలు ఉంటే అమీర్‌పేట వైపు ఏ లేడీస్ హాస్టల్లోనైనా భోజనంతో కలిపి నెలవారీగా ఉండవచ్చు, పెద్ద అడ్వాన్స్ అక్కర్లేదు. ఇంటర్వ్యూలు లేకపోతే కొన్నాళ్లు హుజూరాబాద్ వెళ్లి అక్కడి నుంచి అప్లై చేసుకోవచ్చు, పిలుపు వచ్చినప్పుడు బస్సెక్కి రావచ్చు, ఎలాగూ జీరో టికెట్టే. కానీ వెళ్లడానికి అడ్డం ఒకటి ఉండి ఉంటుందని నా అనుమానం. స్టైపెండ్ రావట్లేదని ఆమె ఇంట్లో చెప్పి ఉండదు. చెప్పి ఉంటే మూడు నెలల్లో ఒక్కసారైనా ఇంటి నుంచి వెయ్యి రూపాయలు వచ్చేవి. దీన్ని మెల్లిగా అడుగు. చెప్పకపోతే వదిలెయ్. వాళ్ల ఇంటికి నువ్వు మాత్రం ఫోన్ చేయకు.

నన్ను అడిగితే మొదటిదీ మూడోదీ రెండూ మంచివే. ఏది అన్నది, ఆఫీసు నుంచి డబ్బు వస్తుందన్న సూచన జూన్ 15కల్లా కనిపిస్తుందా లేదా అన్నదాన్ని బట్టి ఆమె తేల్చుకోవాలి. నువ్వు వెళ్లడం తప్పు కాదు. నీ ఉద్యోగం, నీ దూరం, మీ ఇంటికి పంపాల్సిన డబ్బు కూడా నిజమే. కాకపోతే కొండాపూర్ బెడ్‌కు మొత్తం ఎంత పడుతుందో ఒప్పుకునే ముందే అడుగు. ఫ్లాట్‌లో అద్దె ఒక్కటే కాదు, మెయింటెనెన్స్, వంటమనిషి, వైఫై, గ్యాస్ వాటాలు, అడ్వాన్స్‌లో వాటా కూడా ఉంటాయి. ఇక్కడి అడ్వాన్స్ ఖాళీ చేశాకే చేతికొస్తుంది, అక్కడిది చేరేముందే కట్టాలి. మధ్యలో ఆ డబ్బు మళ్లీ నాన్నగారిని అడగాల్సి వస్తుందేమో ఇప్పుడే చూసుకో.

నాన్నగారికి 17,400 లెక్కా, సరుకులు చెల్లు చేసిన సంగతీ నువ్వే చెప్పు. అడ్వాన్స్ ఆయన డబ్బు కాబట్టి ఆయనకు తెలియాలి. ఆ 3,000 వదులుకోవడం ఆయనకు నచ్చకపోవచ్చు. రెండు నెలలు ఎవరు వండితే నువ్వు తిని ఆఫీసుకు వెళ్లావో కూడా చెప్పు.

ఈ వారం గిన్నెలు మాత్రం ఆమె లేవకముందే నువ్వు తోమేసెయ్. ఆదివారం మాట్లాడాక ఏమైందో, ఆ మెయిల్‌కు జవాబు వచ్చిందో లేదో నాకు రాయి. జవాబు రాకపోతే, ఆమె సరేనంటే మెయిల్ కాపీ, ఆఫర్ లెటర్ కాపీ తీసుకుని న్యాయ సేవాధికార సంస్థకు ఆమెతో పాటు నువ్వూ వెళ్లు. అలాంటి చోటికి మొదటిసారి ఒంటరిగా వెళ్లడం కష్టం.